మొదటి బ్లేడు

మా మామగారి మొహం మీద రోజూ పొద్దున్నే పేపరు ముక్కలు కనిపిస్తాయి. గడ్డం గీసుకున్నాక నెత్తురు వచ్చిన చోటల్లా నిన్నటి పేపరు అంచు చింపి గోరంత ముక్క అంటించుకుంటారు. చుబుకం మీద ఒకటి, దవడ కింద ఒకటి, కంఠం దగ్గర ఇంకోటి. "ఇవాళ ముఖ్యాంశాలేమిటి మావయ్యగారూ?" అని టీ గ్లాసు చేతికిస్తూ అడుగుతాను. "వర్షసూచన" అంటారాయన. అంటే నెత్తురు ఇంకా ఆగలేదని అర్థం. మా ఇంట్లో నవ్వులకు లోటు లేదు, మంచి బ్లేడుకే లోటు.

మాది దర్జీల ఇల్లు. కింద కొట్టు, పైన కాపురం. మామగారు గుడ్డ కత్తిరిస్తారు, మా ఆయన మిషను మీద కుడతారు, అత్తయ్య పాత కుట్లు విప్పుతుంది. నేను మాత్రం వీధి చివర సెలూన్లో జుట్లు కత్తిరిస్తాను. నన్ను కోడలిగా తెచ్చుకునేటప్పుడు ఎవరో "సెలూన్లో పనిచేసే పిల్లేమిటి" అని మూతి విరిస్తే, "కత్తెర పట్టే పిల్లే కదా, గుడ్డయితేనేం, జుట్టయితేనేం" అన్నారట మామగారు. ఆ ఒక్క మాటకి ఆయనంటే నాకు ప్రాణం. అందుకే ఆయన్ని ఎవరైనా ఏమైనా అంటే నా నోరు ఊరుకోదు. అన్నది మొగుడైనా సరే.

ఆయన గుడ్డ కత్తిరిస్తుంటే చూడాలి. నాకు పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇంకా మెట్ల మీద నిలబడి చూస్తాను. ముందు గుడ్డని బల్ల మీద పరిచి, చేతివేళ్ళ వెనక వైపుతో నూగు ఎటు వాలి ఉందో నిమిరి చూస్తారు. తర్వాత సుద్దముక్కతో గీతలు. గీసిన గీతను ఇంకోసారి దిద్దరు. ఇక కత్తెర పట్టారంటే మధ్యలో ఎత్తడం ఉండదు. కింది అలుగు బల్లకి ఆనించి అలా తోసుకుంటూ పోతారు. చంక దగ్గర వంపు వచ్చినా, మెడ దగ్గర మలుపు వచ్చినా కత్తెర చప్పుడు మారదు. గుడ్డే ఆయనకి దారి ఇస్తోందా అనిపిస్తుంది. అప్పుడు కొట్లో ఎవరూ మాట్లాడరు. బేరానికొచ్చినవాళ్ళు కూడా నోరు మూసుకుని నిలబడతారు. గుళ్ళో నిలబడ్డట్టు నిలబడతానంటే మా ఆయన నవ్వుతారుగానీ, నాకు నిజంగా అలాగే ఉంటుంది.

ఇక బ్లేడు సంగతి. కుట్లు విప్పడానికి మా కొట్లో గడ్డం గీసుకునే బ్లేడే వాడతారు. ఒక అంచుకి దాని కాగితాన్నే మడిచి పట్టుకుని, రెండో అంచుతో అత్తయ్య దారాలు ఒక్కొక్కటే తెంపుతుంది. బిగుతు పాంట్లు వదులు చెయ్యాలన్నా, చిరిగిన లైనింగు మార్చాలన్నా, జిప్పు తీసి కొత్తది వెయ్యాలన్నా ముందు అత్తయ్య చేతిలో పడాల్సిందే. ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త బ్లేడు విప్పితే అది ముందు అత్తయ్య పళ్ళెంలోకి వెళ్తుంది. ఆవిడ వాడి వాడి, దారం తెగక పీక్కుంటోందని పక్కన పెట్టాక, అది మామగారి రేజర్లోకి ఎక్కుతుంది. ఇదేం చోద్యమని నేను వచ్చిన కొత్తలో అడిగితే మామగారు సూటిగా చెప్పారు.

"గుడ్డకి గాటు పడితే మానదు అమ్మాయ్. మొహానికి పడితే మానుతుంది."

మాట బాగుంది కదా, నేనూ పడిపోయాను. కొట్టుకొచ్చినవాళ్ళకి కూడా చెప్పి గొప్పలు పోయాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. సెలూన్లో ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరి చెంప దగ్గరికి రానివ్వని దాన్ని, ఇంట్లో మాత్రం సామెత విని చప్పట్లు కొట్టాను.

ఈమధ్య పేపరు ముక్కలు ఎక్కువయ్యాయి. వాటి చుట్టూ ఎర్రటి పొక్కులు కూడా లేచాయి. మామగారు మాటిమాటికీ మెడ గోక్కుంటున్నారు. అడిగితే "వయసమ్మా" అని తేల్చేశారు.

అలాంటి రోజుల్లో వయొలిన్ ఆయన వచ్చాడు.

ఆయన పెద్ద సభల్లో వయొలిన్ వాయించే మనిషి. చంకలో కాగితం చుట్టిన గుడ్డ. నల్ల ఉన్ని గుడ్డ, చేత్తో తాకితే నీళ్ళలా జారుతోంది. వాళ్ళ నాన్న కొడుకు కోటు కోసం కొని దాచిన గుడ్డట. కుట్టించకుండానే పోయాడట. ఆ మిల్లు మూతపడి చాలాకాలమైంది. కొలిచి చూస్తే సరిగ్గా ఒక్క కోటుకి వస్తుంది, జేబు మూతకి కూడా మిగలదు. "ఇది పాడైతే ఇంకోటి లేదు మాస్టారూ. మీ చెయ్యి గురించి విని వచ్చాను" అన్నాడు.

మామగారి కళ్ళు మెరిశాయి. గుడ్డని బల్ల మీద పరిచి, నూగు చూడ్డానికి వంగారు. అలా వంగినప్పుడు చుబుకం మీది పేపరు ముక్క ఊడింది. ఎర్రటి బొట్టు ఉబ్బి, బల్ల చెక్క మీద పడింది. గుడ్డకి వేలెడు దూరంలో. మా ఆయన మిషను దగ్గర్నుంచి ఒక్క గెంతు గెంతి గుడ్డని లాగేశారు. వయొలిన్ ఆయన మామగారి మొహంలోకి చూశాడు, మిగతా పేపరు ముక్కలు చూశాడు, తర్వాత ఆయన చేతుల వైపు చూశాడు. నాకు ఆ చూపు నచ్చలేదు.

"పర్వాలేదు మాస్టారూ. మీ అబ్బాయి కత్తిరించినా నాకు అభ్యంతరం లేదు" అన్నాడు మెల్లిగా. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అంటేనే ఎక్కువ తగులుతుంది.

గుడ్డ తడి ఆవిరికి ఎంత ముడుచుకోవాలో అంతా ముడుచుకుని ఆరాక గానీ కత్తిరించకూడదు కాబట్టి, వచ్చే వారం కత్తిరింపు అని చెప్పి పంపించారు. ఆయన అటు వెళ్ళగానే మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"నాన్నా, రోజూ మూడు నాలుగు గాట్లు. చెయ్యి వణక్కపోతే మొహం ఎందుకు తెగుతుంది? మొహమంటే సరే, పేపరు ముక్క పెడితే సరిపోతుంది. ఈ గుడ్డ మీద తప్పు పడితే ఏం పెడతాం? ఇకనుంచి కత్తెర నేను పడతాలే. మీరు పక్కన కూర్చుని చెప్పండి."

మామగారు వాదించలేదు. దానికే నాకు భయం వేసింది. కాలరు రెండు నూలుపోగులు పక్కకి పోయినా కొడుకుని చెడామడా తిట్టే మనిషి. కత్తెరని మెత్తటి గుడ్డతో తుడిచి, దాన్నే చుట్టి, కొడుకు మిషను మీద పెట్టారు. మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయారు. అత్తయ్య కంచం వంక, ఆయన వంక చూసింది. "చేతికి పని లేకపోతే ఆయన ఎన్నాళ్ళో ఉండరే" అంది నాతో. ఆవిడ ఊరికే అలా అనే మనిషి కాదు.

నేను మా ఆయన్ని గదిలోకి పిలిచి దులిపేశాను. "చెయ్యి వణుకుతోందని మీరు చూశారా?"

"మొహం చూస్తే తెలీడంలా?"

"మొహం చూసి చెయ్యి చెప్తారా? రేపు నా కాలు చూసి నా తలనొప్పి కూడా చెప్పండి!"

"నీకు ఆయనంటే ఇష్టం కాబట్టి ఒప్పుకోవు. నాకు మాత్రం ఇష్టం లేదా? ఆ చేత్తో అంత పెద్ద తప్పు జరగకముందే ఆపితే ఆయన పరువైనా దక్కుతుంది."

కోపంగా పిలిచిన దాన్ని మెత్తబడి బయటికొచ్చాను. కానీ అనుమానం పురుగు నన్ను తొలుస్తూనే ఉంది.

సాయంత్రం మామగారు అరుగు మీద ఊరికే కూర్చుంటే, సూదీ దారం తీసుకుని పక్కన చేరాను. "బొత్తాం ఊడింది మావయ్యగారూ, కాస్త దారం ఎక్కించి పెట్టరూ" అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, దారం కొస తడిపి, సూది బెజ్జంలోకి ఒక్కసారికే పంపేశారు. ఆ సూది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇంత నిలకడగల చెయ్యి సొంత మొహాన్ని ఎందుకు కోస్తుంది?

అప్పుడు మొదటిసారి ఆయన మొహాన్ని కోడలిలా కాకుండా సెలూన్ మనిషిలా చూశాను. చెయ్యి వణికితే గాట్లు ఎక్కడపడితే అక్కడ ఉండాలి. ఆయనకి చెంపల మీద ఒక్క గాటూ లేదు. అన్నీ చుబుకం మీద, దవడ కింద, కంఠం దగ్గర. వెంట్రుక మొద్దుగా ఉండేచోట, తెగక మళ్ళీ మళ్ళీ అదిమి గీసేచోట. ఎర్ర పొక్కులూ అక్కడే. కొన్నిటికి తెల్లటి చీము తలలు. ఇలాంటి మొహం సెలూన్లో కుర్చీ ఎక్కితే మేం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. బ్లేడు ఎప్పుడు మార్చారు?

లేచి స్నానాలగదిలోకి వెళ్ళాను. రేజరు ఎప్పట్లాగే కిటికీ గట్టు మీద, అడుగున నీళ్ళు నిలిచిన గ్లాసులో తల కిందులుగా ఉంది. పిడి తిప్పి విప్పాను. పలకల మధ్య ఎండిన సబ్బు గారకట్టింది. అందులో తెల్ల వెంట్రుకలు, మధ్యలో నీలం దారప్పోగులు. ఒక పక్క ఉప్పునీళ్ళ తెల్లపొర పెచ్చులా పేరుకుంది. దాంతో బ్లేడు సమంగా కూర్చోక ఒక అంచు ఎక్కువ బయటికి పొడుచుకొచ్చింది. ఇంకో అంచు లోపలికి దాక్కుంది. బ్లేడు చివర తుప్పు మరక. పైగా మామగారు గీసుకున్నాక బ్లేడుని తువ్వాలుతో గట్టిగా తుడుస్తారని నాకు తెలుసు. శుభ్రం అనుకుని చేసే పనే, కానీ ఉన్న కాస్త అంచూ దానికే మడతపడిపోతుంది. రేజరునీ బ్లేడునీ కాగితంలో చుట్టి మర్నాడు సెలూన్‌కి తీసుకెళ్ళాను.

మా సెలూన్లో మాడు పరీక్ష చెయ్యడానికి భూతద్దం ఉన్న దీపం ఉంది. దాని కింద ముందు ఒక కొత్త బ్లేడు పెట్టాను. ఇన్నేళ్ళుగా రోజూ పట్టుకునే వస్తువు, అయినా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అంచు మీద వెలుగు ఒకే గీతలా, ఎక్కడా తెగకుండా ఈ కొస నుంచి ఆ కొసకి పారింది. ఇనుము ఎక్కడ అయిపోయిందో, గాలి ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. మనుషులు ఇంత సన్నటిదాన్ని చేసి, కాగితంలో చుట్టి, బడ్డీకొట్లో అగ్గిపెట్టెల పక్కన పెట్టి అమ్ముతున్నారు! కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత మామగారి బ్లేడు పెట్టాను. ఒక అంచు పాత రంపంలా ఉంది. పళ్ళు ఊడినచోట ఊడి, వంగినచోట వంగి. జిప్పులకీ హుక్కులకీ తగిలి పెచ్చులు లేచిన చోట్లు స్పష్టంగా కనబడ్డాయి. ఈమధ్య కొట్టుకి వచ్చేవన్నీ రెడీమేడ్ బట్టలు సరిచేసే పనులే. వాటి దారం తీగలా బిగుతుగా ఉంటుంది. అది కోసి కోసి చచ్చిన అంచుని ఆయన రోజూ గొంతు మీద నడిపించుకుంటున్నారు. అది వెంట్రుకని తెంపదు, పీకుతుంది. పీకితే చర్మం పైకి లేస్తుంది, అదిమితే తెగుతుంది. తెగినచోట ఆ మురికి చేరితే పొక్కు లేస్తుంది. ఇంత జరుగుతుంటే చెయ్యి వణుకుతోందని పాపం చేతి మీద నింద వేశాం.

రేజరు ముక్కల్ని సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో మూలమూలా తోమాను. తెల్లపొరకి వెనిగర్ పట్టించి కాసేపు ఉంచితే పెచ్చు ఊడొచ్చింది. మళ్ళీ కడిగి, మేం పనిముట్లకి వాడే క్రిములు చంపే మందునీళ్ళలో ముంచి, మళ్ళీ కడిగి, పొడిగుడ్డ మీద ఆరబెట్టాను. తీరా చూస్తే అది మంచి ఇత్తడి రేజరు. పిడి మీద చెక్కిన గళ్ళు బయటపడ్డాయి. పాత బ్లేడుని మాత్రం పారెయ్యలేదు, సాక్ష్యం కోసం దాచాను. భూతద్దం ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

మామగారిని కొట్టు గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, రెండు బ్లేడులూ నల్లగుడ్డ మీద పెట్టి, భూతద్దం చేతికిచ్చాను. "చూడండి మీ వయసు" అన్నాను.

ఆయన కొత్తదాన్ని చూశారు. పాతదాన్ని చూశారు. మళ్ళీ కొత్తదాన్ని చూశారు. అంచుల్ని, కుట్లని, నూలుపోగుల్ని జీవితమంతా చూసిన కళ్ళు అవి, నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. భూతద్దం దించారు.

"అయితే... చెయ్యి కాదా?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చిన్నపిల్లవాడు అమ్మని అడిగినట్టు అడిగారు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. కొడుకు మాటకి ఆయన ఎదురు చెప్పకపోవడం పౌరుషంతో కాదు. ఆయనే నమ్మేశారు. రోజూ అద్దంలో నెత్తురు చూసుకుని, తన చేతిని తనే అనుమానించి, ఎవరికీ చెప్పుకోకుండా లోలోపల భయపడుతున్నారు.

"చెయ్యి కాదు మావయ్యగారూ. మీ చెయ్యి బంగారం" అన్నాను. కళ్ళు తుడుచుకుంటే ఎక్కడ చూస్తారోనని అటు తిరిగాను.

పొక్కులు మానేదాకా కొన్నాళ్ళు గడ్డం ముట్టుకోవద్దని చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నారు. తెల్లగడ్డం గుబురుగా పెరుగుతుంటే అత్తయ్య "సన్నాసుల్లో కలుస్తారేమో, ముందే చెప్పండి, చీరలు సర్దుకుంటాను" అని ఏడిపించింది. మా ఆయనకి బ్లేడు చూపించి చెప్పాను. "సరే, చూద్దాం" అన్నారు గానీ కత్తెర మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. ఆరిన నల్లగుడ్డ బీరువాలో ఎదురుచూస్తోంది.

మర్నాడు వయొలిన్ ఆయన వస్తాడనగా, పొద్దున్నే కొత్త బ్లేడు ప్యాకెట్టు విప్పి ఒకటి మామగారి చేతికిచ్చాను. ఆయన దాన్ని తీసుకుని, అలవాటుగా రెండడుగులు వేసి అత్తయ్య పళ్ళెంలో పెట్టేశారు!

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళూ నేను గోడకి చెప్పానా? అది మీ మొహానికి!"

"మొదటి బ్లేడు దానిదే అమ్మాయ్. దాని పని అయ్యాక నేను తీసుకుంటా. ఈసారి త్వరగా మార్చమంటాలే."

"గుడ్డకి గాటు పడితే మానదు, అంతేనా? మరి ఇంకో బ్లేడు విప్పితే ఆకాశం ఊడిపడుతుందా?"

"ఒకటి ఇంకా తెగుతుంటే ఇంకోటి విప్పడం నాకు చేతకాదమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే. మా నాన్న ఒకే బ్లేడుని గాజుగ్లాసు లోపల నూరి నూరి నెలలకి నెలలు గీసుకునేవాడు."

"అయితే ముందు మీరు గీసుకోండి. తర్వాత అత్తయ్యకివ్వండి."

"అది మాత్రం కుదరదు."

అంత కచ్చితంగా అన్నారు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఎందుకు కుదరదో చెప్పేదాకా కదలనని ఆయనకి తెలుసు. మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"నువ్వు రాకముందు సంగతి. అప్పట్లో నేను గీసుకున్నాకే మీ అత్తయ్యకిచ్చేవాణ్ణి. అరిగిన బ్లేడు కదా, దారం తెగక అదిమింది. జారి చూపుడువేల్లోకి దిగింది. అప్పటికే దానికి చక్కెర జబ్బు. ఆ పుండు మానలేదమ్మాయ్. ఎన్ని నెలలు తిరిగామో! ఒక దశలో వేలు కొస తీసెయ్యాలన్నారు. దేవుడి దయవల్ల ఆ అవసరం రాలేదు. ఆ రోజునుంచీ పదును పోని బ్లేడే దాని చేతికి. రేజరు కడగడం కూడా అదే చేసేది, అదీ మాన్పించేశా."

"మరి గుడ్డ కోసమని చెప్పారు?"

"నీకోసమే అంటే అది తీసుకుంటుందా? నా మొహం కోసుకుపోతుందని తిరిగి నాకే ఇస్తుంది. గుడ్డ కోసమంటే మాట్లాడదు. దర్జీ పెళ్ళాం కదా."

ఆ సామెతని నేనెంత మందికి చెప్పాను! మానని గాయం గుడ్డది కాదు. మానే మొహం తనది కాబట్టి ఆయన ఇన్నేళ్ళు రోజూ పొద్దున్నే దాన్ని ముందుకి పెట్టారు. చివరికి కత్తెర పోయేదాకా వచ్చినా ఒక్క మాట బయట పెట్టలేదు. పక్కనే తిరిగే మనిషిలో ఇంత ఉంటుందని నాకు తెలియదు. నిజం చెప్పాలంటే ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది.

వెనక చప్పుడైంది. అత్తయ్య మెట్ల మీద ఉంది. ఎప్పుడొచ్చిందో, ఏమి విందో అడగక్కర్లేకపోయింది. చూపుడువేలి కొసన తెల్లటి మచ్చని బొటనవేలితో రుద్దుకుంటోంది.

"ఎంత అబద్ధాలకోరండీ మీరు" అంది. "గుడ్డ, గుడ్డ అని నన్ను ఇన్నేళ్ళు..."

మామగారు దొంగలా తలవంచుకున్నారు. అత్తయ్య కిందికి దిగి, ప్యాకెట్లోంచి రెండో బ్లేడు తీసి, దాని కాగితం తనే విప్పింది. రేజరు పలక మీద బ్లేడు పెట్టి, పైపలక మూసి, పిడి బిగించి, అంచులు రెండు వైపులా సమంగా ఉన్నాయో లేదో కంటికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. "నాది నాకు, మీది మీకు. మీ బ్లేడు పీకుతోందని తెలిసిన రోజున దాచారో, నా పళ్ళెం వీధిలో పడేస్తాను" అంది. ఆ మాటకి ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

పెరట్లో అద్దం తగిలించి, మా ఆయన్ని కూడా పిలిచాను. "వచ్చి చెయ్యి చూడండి. మొహం తర్వాత చూద్దురుగానీ" అన్నాను.

పెరిగిన గడ్డాన్ని ముందు కత్తెరతో పొట్టిగా చేశాను. వేడినీళ్ళ తువ్వాలు మొహం మీద ఉంచి మెత్తబడనిచ్చి, సబ్బు నురగ పట్టించాను. "అదమకండి. రేజరు బరువు చాలు. వెంట్రుక ఎటు ఉంటే అటే" అన్నాను. మామగారు ఊపిరి బిగబట్టి రేజరు ఎత్తారు. ఆ చెయ్యి చెంప దగ్గర ఒక్క క్షణం ఆగింది. మేమందరం ఆ చేతి వైపే చూస్తున్నాం.

తర్వాత రేజరు దిగింది. చప్పుడు లేదు. నురగ తప్పుకుంది, కింద నున్నటి చర్మం కనిపించింది. ప్రతి గీతకీ రేజరుని నీళ్ళలో జాడిస్తూ, చెంప, దవడ, చుబుకం, ఒక్కో చోటూ దాటారు. కంఠం దగ్గర చర్మాన్ని ఎడమచేత్తో సాగదీసి పట్టుకుని, ఒకే గీత తీసి వదిలారు. అది గడ్డం గియ్యడం కాదు. మెట్ల మీద నిలబడి నేను రోజూ చూసే కత్తిరింపే. సుద్దగీత లేదంతే. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఎక్కడా ఎరుపు కనబడలేదు. మామగారు చన్నీళ్ళతో మొహం కడుక్కున్నారు. రేజరుని నీళ్ళ ధార కింద జాడించి, విదిలించి, తువ్వాలు జోలికి పోకుండా పొడి గట్టు మీద ఆరబెట్టారు. చెప్పకుండానే!

మా ఆయన లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన కత్తెర తెచ్చి తండ్రి ముందు పెట్టారు. "నాన్నా..." అన్నారు.

"ఊఁ, సరేలే. ఇస్త్రీపెట్టె వేడి చెయ్యి" అన్నారు మామగారు. తిట్టకుండా వదిలేశారు, అదే పెద్ద శిక్ష.

మర్నాడు వయొలిన్ ఆయన వచ్చాడు. మామగారి మొహం చూసి ఏదో అడగబోయి, మానేసి, బల్ల పక్కన నిలబడ్డాడు. నల్లగుడ్డ పరిచారు. సుద్దగీతలు పడ్డాయి. కత్తెర పట్టారు. ఇక మధ్యలో ఎత్తలేదు. ముందు భాగం, వీపు, చేతులు ఒక్కొక్కటే గుడ్డలోంచి విడివడి పక్కకి వచ్చాయి. చివరికి బల్ల మీద మిగిలింది వేలెడు వెడల్పు పీలికలు మాత్రమే. వయొలిన్ ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. అతని కళ్ళలో నీళ్ళు. వాయించేవాడికి చెయ్యి అంటే ఏమిటో తెలుస్తుంది కాబోలు.

అతను వెళ్ళాక అత్తయ్య పళ్ళెం పక్కన పెట్టి లేచింది. మామగారి దగ్గరికొచ్చి, కోడలూ కొడుకూ ఉన్నారని కూడా చూడకుండా, ఆ మచ్చ ఉన్న చూపుడువేలి వెనక వైపుతో ఆయన చెంప పైనుంచి కిందికి నిమిరింది. కొత్త గుడ్డ వస్తే నూగు చూసినట్టే.

"ఇన్నేళ్ళకి బాగుంది గుడ్డ" అంది.

మామగారు సిగ్గుపడి సుద్దముక్క కోసం బల్ల మీద వెతకడం మొదలుపెట్టారు. అది ఆయన చేతిలోనే ఉంది.